రాజీనామా లెటర్ మీద తేదీ ఒకటి, డైరెక్టర్ పదవి పోయే తేదీ ఇంకొకటి

విజయవాడ గవర్నర్‌పేటలో కంపెనీ ఫైలింగులు చూసే ఏ ఆఫీసులో అరగంట కూర్చున్నా ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది: "ఆ కంపెనీ నుంచి నేనెప్పుడో బయటికొచ్చేశానండీ." ఎప్పుడు అని అడిగితే ఒకాయన ఆఫీసుకి వెళ్లడం మానేసిన రోజు చెబుతాడు, ఇంకొకాయన పెద్దమనుషుల్లో కూర్చుని లెక్కలు తెంచుకున్న రోజు చెబుతాడు, మరొకాయన లెటర్ రాసి సొరుగులో పెట్టుకున్న రోజు చెబుతాడు. చట్టం ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోదు. 2017లో వరుసగా మూడేళ్లు రిటర్నులు వేయని కంపెనీల డైరెక్టర్లను మూడు లక్షల మందికి పైగా కేంద్రం అనర్హులుగా ప్రకటించినప్పుడు, తాము ఇంకా డైరెక్టర్లమేనని ఆ జాబితా చూశాకే తెలుసుకున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

గందరగోళమంతా ఒక్క తేదీ దగ్గరే ఉంది. పదవి ఏ రోజుతో పోయింది? ఆ తర్వాత ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో ఆ సంగతి చెప్పాలి? ఇక్కడ మాట్లాడేది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల గురించి. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలకి వీటిపైన సెబీ నిబంధనలు కూడా ఉంటాయి, వాటి జోలికి పోవడం లేదు.

ముందు ఎవరు ఎవరో తేల్చుకుందాం

డైరెక్టర్ అంటే యజమాని కాదు. యజమానులు షేర్‌హోల్డర్లు, వాళ్ల తరఫున కంపెనీ నడిపేవాళ్లు డైరెక్టర్లు, వాళ్లంతా కలిస్తే బోర్డు. మన ఊళ్లల్లో ఇద్దరూ ఒకరే కావడంతో రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి గానీ డైరెక్టర్‌గా రాజీనామా చేసినంత మాత్రాన షేర్లు పోవు, షేర్లు అమ్మేసినంత మాత్రాన డైరెక్టర్ పదవీ పోదు. రెండు పనులకీ వేరువేరు కాగితాలు.

ఆర్‌ఓసీ అంటే రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకి ఆ ఆఫీసు విజయవాడలోనే ఉంది, అయితే ఫారాలన్నీ ఆన్‌లైన్‌లో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ నడిపే ఎంసీఏ పోర్టల్లోనే వేయాలి. ఇక డిన్ అనేది డైరెక్టర్‌గా మీకిచ్చిన నంబరు. అది మనిషికి ఇచ్చింది, కంపెనీకి కాదు, కాబట్టి ఒక కంపెనీ నుంచి తప్పుకున్నా అది మీ పేరు మీదే ఉంటుంది.

చట్టం చెప్పే సూత్రం ఒక్క వాక్యమే

2013 కంపెనీల చట్టం 168వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్ రాతపూర్వకంగా కంపెనీకి నోటీసు ఇచ్చి రాజీనామా చేయొచ్చు. ఆ నోటీసు కంపెనీకి అందిన తేదీ ఒకటి, నోటీసులో మీరు రాసుకున్న తేదీ ఏదన్నా ఉంటే అది రెండోది. ఈ రెంటిలో ఏది తర్వాత వస్తే ఆ రోజు నుంచి రాజీనామా అమల్లోకి వస్తుంది.

"తర్వాత వస్తే" అన్న చోటే అసలు సంగతంతా ఉంది. ముందు తేదీ వేసుకోవచ్చు, వెనక తేదీ వేసుకోలేరు. లెటర్ పైన ఎడమ పక్కనో కుడి పక్కనో మీరు రాసే తేదీకి ఇందులో పాత్రే లేదు, అది మీరు కాగితం రాసిన రోజుకి గుర్తు, అంతే. తేదీ ఏమీ రాయకపోయినా, "తక్షణమే" అని రాసినా, కంపెనీకి అందిన రోజే లెక్క.

గుంటూరు బావా బావమరుదుల లెక్క

కాగితం మీద ఇది తేలికే, కుటుంబాల్లో పడితేనే చిక్కులు. అందుకని ఒక కంపెనీని ఊహించుకుందాం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ప్రైవేట్ లిమిటెడ్, అధీకృత మూలధనం 10 లక్షలు, రిజిస్టర్డ్ ఆఫీసు అరండల్‌పేటలో. డైరెక్టర్లు ఇద్దరే, బావ, బావమరిది. బావమరిదికి మనసు విరిగింది, మార్చి తర్వాత ఆఫీసుకి రావడం మానేశాడు. 2025 జూన్ 10న ఒక తెల్లకాగితం మీద "31-03-2025 నుంచి డైరెక్టర్ పదవికి రాజీనామా చేస్తున్నాను" అని రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి బావకి వాట్సాప్ చేశాడు. బావ బొటనవేలు బొమ్మ పెట్టాడు.

మార్చి 31తో ఏడాది లెక్కలు తెగిపోతాయి కాబట్టి ఆ తేదీ వేశానన్నది బావమరిది వాదన. పార్ట్‌నర్‌షిప్‌లలో అలా లెక్కలు తెంచుకోవడం మనకి అలవాటే, కానీ ఇక్కడ అది చెల్లదు. కాగితం జూన్‌లో పుట్టింది కాబట్టి కంపెనీకి అది మార్చిలో అంది ఉండే అవకాశమే లేదు. కాబట్టి మార్చి 31 నుంచి జూన్ దాకా ఆయన ఆఫీసు ముఖం చూడకపోయినా డైరెక్టరే. ఆ రెండు మూడు నెలల్లో కంపెనీ చేసిన పనులకి, చేయని పనులకి ఆయన పేరూ జతపడుతుంది.

మరి జూన్ 10 అన్నా దక్కుతుందా? ఇక్కడ రెండు వాదనలున్నాయి. ఒకటి, చట్టం రాతపూర్వకంగా ఇవ్వమంది, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడాన్నీ ఒప్పుకుంది, చదివినట్టు బావ గుర్తు కూడా పెట్టాడు, అవతలి డైరెక్టర్‌కి తెలిసిందంటే కంపెనీకి తెలిసినట్టే, కాబట్టి జూన్ 10 లెక్క అని. రెండోది, నోటీసు ఇవ్వాల్సింది కంపెనీకి, బావ సొంత ఫోనుకి కాదు, కంపెనీ అంటే రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు లేదా పోర్టల్లో నమోదైన కంపెనీ ఈమెయిల్, కాబట్టి ఇంకా అందలేదు అని. మొదటి వాదనలో న్యాయం ఉంది, కోర్టులో నిలవనూ వచ్చు, కానీ ఇరవై రూపాయల కాగితంతో తేలిపోయే దాన్ని వకీలు ఫీజు దాకా తీసుకెళ్లడం దేనికో నాకెప్పుడూ అర్థం కాదు.

అందింది అని చెప్పే కాగితమే ఆస్తి

ఈ వ్యవహారంలో లెటర్ కంటే విలువైనది ఇంకొకటుంది, అది లెటర్ అందిందన్న రుజువు. రెండు కాపీలు తీసుకుని రిజిస్టర్డ్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద కంపెనీ రబ్బరు స్టాంపు, దాని కింద "రిసీవ్డ్" అని రాసి తేదీ, సంతకం, ఆ సంతకం చేసిన మనిషి పేరు, హోదా రాయించుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. మొహమాటం అడ్డొస్తే లేదా వాళ్లు స్టాంపు వేయరని అనుమానం ఉంటే స్పీడ్ పోస్ట్. రసీదు దాచుకోవాలి, డెలివరీ అయిందని ట్రాకింగ్‌లో వచ్చిన పేజీని ఆ రోజే ప్రింట్ తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే కొన్నాళ్లకి అది వెబ్‌సైట్లో కనిపించకుండా పోతుంది. పనిలో పనిగా అదే లెటర్ స్కాన్ చేసి కంపెనీ ఈమెయిల్‌కీ పంపితే మరీ మంచిది.

అడ్రసు మాత్రం గుర్తున్నది రాయకండి. ఎంసీఏ పోర్టల్లో కంపెనీ మాస్టర్ డేటా తెరిచి, ఈ రోజుకి అక్కడ ఏ అడ్రసు ఉందో అదే కవరు మీద రాయాలి. ఆఫీసు ఎప్పుడో మారిపోయి పోర్టల్లో పాత అడ్రసే ఉన్న కంపెనీలు బోలెడు. అలాంటప్పుడు రెండింటికీ పంపడమే.

కవరు "రెఫ్యూజ్డ్" అని రాసి వెనక్కొస్తే చాలామంది కంగారుగా చింపి చూస్తారు. చింపకండి. సరైన అడ్రసుకి పంపిన దాన్ని తీసుకోకుండా తిప్పి పంపితే అందినట్టే భావించడం కోర్టుల్లో మామూలు, అప్పుడు ఆ మూసి ఉన్న కవరు, దాని మీద పోస్ట్‌మన్ రాత, తేదీ ముద్ర, ఇవే సాక్ష్యం.

ఎవరన్నా ఆమోదించాలా?

"రాజీనామా ఇచ్చాను గానీ వాళ్లు ఆమోదించలేదు" అని వాపోయేవాళ్లు ఎక్కువ. 168వ సెక్షన్ చదివితే బోర్డు చేయాల్సింది దాన్ని గమనంలోకి తీసుకోవడం మాత్రమే, ఒప్పుకోవడమో తిరస్కరించడమో దాని చేతిలో పెట్టలేదు. బోర్డు ఏడాది పాటు సమావేశం కాకపోయినా రాజీనామా ఆగదు.

అయినా ఈ ఆమోదం అన్న మాట ఊరికే పుట్టలేదు. పాత 1956 చట్టంలో మామూలు డైరెక్టర్ రాజీనామా గురించి ఇలా సూటిగా చెప్పే సెక్షన్ లేదు, అంతా కంపెనీ నియమావళి మీదా కోర్టు తీర్పుల మీదా నడిచేది. పైగా మేనేజింగ్ డైరెక్టర్లకి రెండు టోపీలు ఉంటాయి, ఒకటి డైరెక్టర్ పదవి, రెండోది జీతం తీసుకునే ఉద్యోగం. ఉద్యోగానికి అగ్రిమెంట్ ఉంటుంది, నోటీసు పీరియడ్ ఉంటుంది, దాన్నుంచి విడుదల చేయాల్సింది కంపెనీయే. కొత్త చట్టం వచ్చాక డైరెక్టర్ టోపీ ఒక్క నోటీసుతో తీసేయొచ్చు అనేవాళ్లే ఎక్కువ. ఉద్యోగపు టోపీ మాత్రం అగ్రిమెంట్ ప్రకారమే దిగుతుంది. అలాంటివాళ్లు లెటర్లో రెండింటి గురించీ వేరువేరుగా రాయడం మేలు.

ఇక్కడ మీ చేతులతో మీరే వేసుకునే ముడి ఒకటుంది. "దయచేసి నా రాజీనామాను ఆమోదించగలరు" అనో, "నా బాకీ సెటిల్ అయ్యాక అమల్లోకి వస్తుంది" అనో మర్యాద కోసమో జాగ్రత్త కోసమో రాస్తారు. మొదటిది రాజీనామానా విన్నపమా అన్న వాదనకి తలుపు తీస్తుంది. రెండోదైతే తేదీనే లేకుండా చేస్తుంది, ఎందుకంటే బాకీ ఎప్పుడు సెటిల్ అవుతుందో దేవుడికి తెలియాలి. డబ్బు సంగతి వేరే లెటర్లో రాసుకోవచ్చు. రాజీనామాలో వాక్యం ఇంత పొట్టిగా ఉంటే చాలు: "25-07-2025 పనివేళలు ముగిసే సమయం నుంచి అమల్లోకి వచ్చేలా డైరెక్టర్ పదవికి రాజీనామా చేస్తున్నాను." దానిపైన కంపెనీ పూర్తి పేరు, దాని గుర్తింపు నంబరైన సీఐఎన్, కింద మీ పేరు, డిన్.

శ్రావణమాసం దాకా ఆగితే ఏమవుతుంది

ఆ జులై 25 ఊరికే వేసింది కాదు. మన బావమరిది వాట్సాప్ సంగతి వదిలేసి జూన్ 20న అరండల్‌పేట ఆఫీసుకే వెళ్లి కొత్త లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాడు. తక్షణమే అని రాయబోతుంటే బావ ఆపాడు. "రేపు ఆషాఢం వస్తుందిరా, నీ స్థానంలో మీ అక్కని పెడదామనుకుంటున్నా, శ్రావణం రానీ." 2025లో శ్రావణమాసం మొదలైంది జులై 25న.

బావ మాటలో మతలబు ఉందో లేదో గానీ చట్టం వైపు నుంచి చూస్తే అది తెలివైన మాటే. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి, బోర్డు మీటింగు జరగడానికీ కనీసం ఇద్దరు కావాలి. ఉన్న ఇద్దరిలో ఒకరు జూన్ 20నే దిగిపోతే మిగిలిన ఒక్కడు మామూలు నిర్ణయాలేవీ తీసుకోలేడు. డైరెక్టర్ల సంఖ్య పెంచుకోవడానికో, జనరల్ మీటింగు పిలవడానికో మాత్రమే చట్టం అతనికి వెసులుబాటు ఇస్తుంది. అదే ముందు తేదీ వేస్తే ఈ లోపు ఇద్దరూ కూర్చుని పని చక్కబెట్టుకోవచ్చు. అక్కకి డిజిటల్ సంతకం, డిన్ తెప్పించాలి, డైరెక్టర్‌గా ఉండటానికి సమ్మతి DIR-2 ఫారంలో రాసివ్వాలి, కంపెనీ నియమావళి అనుమతిస్తే బోర్డు ఆమెని అదనపు డైరెక్టర్‌గా నియమించొచ్చు. మీటింగుకి ఏడు రోజుల నోటీసు కావాలి కాబట్టి అది జులై మధ్యలో, అంటే ఆషాఢంలోనే పడుతుంది. తీర్మానంలో "25-07-2025 నుంచి" అని రాసుకుంటే ముహూర్తమూ చెడదు, కోరమూ చెడదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. కంపెనీ ఆర్‌ఓసీకి డైరెక్టర్ల మార్పుని తెలిపే DIR-12 ఫారం వేయడానికి గడువు, డైరెక్టర్ల నియామక నిబంధనల్లో 15వ రూలు ప్రకారం, నోటీసు అందిన తేదీ నుంచి 30 రోజులు. జూన్ 20 నుంచి లెక్కేస్తే జులై 20. కానీ ఆ రోజుకి ఆయన ఇంకా దిగనే లేదు, జరగని మార్పుని జరిగినట్టు ఎలా చెబుతారు? చట్టంలోనే 170వ సెక్షన్ మాత్రం డైరెక్టర్లలో మార్పు జరిగిన 30 రోజుల్లో రిటర్ను వేయమంటుంది, ఆ లెక్కన ఆగస్టు 24 దాకా ఉంది. రూలు కంటే సెక్షన్ పెద్దది, కాబట్టి మార్పు జరిగిన రోజు నుంచే లెక్కించాలి అనేది ఒక పక్షం. రూల్లో అందిన తేదీ అని అంత స్పష్టంగా ఉన్నాక అధికారి దాన్నే పట్టుకుంటే ఏం చేస్తారు అనేది రెండో పక్షం. నాకు మొదటిదే సబబనిపిస్తుంది, జరగనిది చెప్పమని ఏ చట్టమూ అడగదు. అయితే వాదనే రాకుండా చేసుకోవచ్చు: లెటర్ ఇచ్చే రోజుకీ అమలు తేదీకీ మధ్య 30 రోజుల కంటే తక్కువ ఉండేలా చూసుకుంటే సరి. ఇదే లెటర్ జూన్ 27న ఇచ్చి ఉంటే జులై 25 నుంచి 27 మధ్య ఫారం వేస్తే రెండు లెక్కలకీ సరిపోయేది.

ఈ మధ్యలో బావమరిది మనసు మారితే? జులై 10న "నేను వెళ్లట్లేదు బావా" అంటే లెటర్ వెనక్కి తీసుకోవచ్చా? ఒకసారి అందిన నోటీసుని కంపెనీ ఒప్పుకోకుండా వెనక్కి తీసుకోలేరని కొందరంటారు, ఇచ్చేటప్పుడు అవతలివాళ్ల ఆమోదం అక్కర్లేదు కాబట్టి తీసుకునేటప్పుడు ఏకపక్షం కుదరదని వాళ్ల తర్కం. అమలు తేదీ రాకముందు పదవి పోలేదు కాబట్టి తీసుకోవచ్చని ఇంకొందరంటారు. వీళ్లు సుప్రీంకోర్టు 1978 తీర్పుని చూపిస్తారు. 1977 ఆగస్టు 1 నుంచి అని రాజీనామా ఇచ్చిన ఒక హైకోర్టు జడ్జి జులైలోనే దాన్ని ఉపసంహరించుకుంటే అది చెల్లుతుందని అందులో చెప్పారు. అయితే ఆ తీర్పు రాజ్యాంగ పదవి గురించి, కంపెనీ డైరెక్టర్ గురించి కాదు. బావ ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. ఒప్పుకోకపోతే ఇది తెరిచి ఉన్న ప్రశ్నే.

DIR-12 కంపెనీ పని, DIR-11 మీ పని

జులై 25 దాటాక కంపెనీ వేయాల్సింది DIR-12. బావమరిది దిగడం, అక్క రావడం రెండూ ఒకే ఫారంలో చూపించొచ్చు. రాజీనామా లెటర్ జతచేయాలి, కంపెనీలో మిగిలిన డైరెక్టర్ తన డిజిటల్ సంతకం పెట్టాలి, మామూలుగా ప్రాక్టీసులో ఉన్న సీఏనో కంపెనీ సెక్రటరీనో సర్టిఫై చేస్తారు. దిగిపోయినాయన దీన్ని వేయలేడు, అసలు బాధంతా ఇదే. కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే అక్కడా పెట్టాలి, ఆ తర్వాత వచ్చే జనరల్ మీటింగులో డైరెక్టర్ల నివేదికలోనూ ఆ సంగతి రాయాలి.

DIR-11 దిగిపోయే మనిషి తనకు తానే వేసుకునేది. రాజీనామా కాపీ, పంపినట్టు రుజువు, కంపెనీ ఇచ్చిన రసీదు ఏదన్నా ఉంటే అది, రాజీనామాకి కారణాలు, ఇవి పెట్టి తన డిజిటల్ సంతకంతో రాజీనామా చేసిన 30 రోజుల్లో వేయాలి. మొదట్లో ఇది తప్పనిసరి. 2017 సవరణ 2018 మే నుంచి అమల్లోకి వచ్చాక ఐచ్ఛికమైంది. ఐచ్ఛికం అనగానే అక్కర్లేదు అనుకోవడం మనకి అలవాటు. బావా బావమరుదులు కలిసి కాఫీ తాగుతున్నంత కాలం నిజంగానే అక్కర్లేదు.

DIR-11 మీద ఒక అపోహ ఉంది, అది వేస్తే పోర్టల్లో పేరు పోతుందని. పోదు. పేరు తీసేది DIR-12 ఒక్కటే. DIR-11 చేసేదల్లా ఫలానా రోజున నేను రాజీనామా చేశాను అన్న మీ మాటని, తేదీ ముద్రతో సహా ప్రభుత్వ రికార్డులో పెట్టడం. ఇంకో సంగతి, దీనికి మీ డిన్ పనిచేస్తూ ఉండాలి, డిజిటల్ సంతకం గడువు తీరిపోకూడదు. డిన్ కేవైసీ వదిలేసినవాళ్లకి ఫారం వేయబోయే రోజే ఈ సంగతి తెలుస్తుంది.

బావ ఫారం వేయకుండా కూర్చుంటే

అలిగినా, అశ్రద్ధ చేసినా, ఖర్చు ముందు కంపెనీకే. 10 లక్షల మూలధనం ఉన్న కంపెనీకి DIR-12 మామూలు ఫీజు 400 రూపాయలు. గడువు దాటాక 30 రోజుల లోపు ఆలస్యానికి దానికి రెండింతలు అదనపు ఫీజు, అలా పెరుగుతూ 180 రోజులు దాటితే పన్నెండింతలు, అంటే 4,800. అసలు 400తో కలిపి 5,200. ఈ మొత్తానికి భయపడి ఫారం వేసేవాళ్లని నేను పెద్దగా చూడలేదు. జరిమానా వేరే సంగతి: 172వ సెక్షన్ కింద కంపెనీకీ, బాధ్యులైన అధికారులకీ చెరో 50,000, తప్పు కొనసాగే ప్రతి రోజుకీ 500 చొప్పున అదనం, కంపెనీకి 3 లక్షలు, అధికారికి లక్ష గరిష్ఠం. చిన్న కంపెనీల కిందకి వచ్చేవాటికి ఇందులో సగానికి మించకూడదు. ఇక్కడ అధికారి అంటే మిగిలి ఉన్న బావ, దిగిపోయిన బావమరిది కాదు.

బావమరిది చేయగలిగింది ముందు DIR-11, అది గడువు దాటినా అదనపు ఫీజుతో వేయొచ్చు. తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా గుర్తుచేయడం, ఆ కాపీలన్నిటితో ఆర్‌ఓసీకి ఫిర్యాదు, అదీ కాకపోతే హైకోర్టు. చేతిలో స్టాంపు వేసిన కాపీ ఉంటే ఈ దారి పొట్టిది, లేకపోతే చాలా పొడుగు.

ఒక్క తేదీ కోసం ఇంత గొడవ ఎందుకంటే

ఆగస్టు 5న కంపెనీ ఒక మిర్చి యార్డు కమీషన్ ఏజెంటుకి 6 లక్షల చెక్కు ఇచ్చింది, అది బౌన్స్ అయింది అనుకోండి. ఏజెంటు లాయరు ఏం చేస్తాడు? పోర్టల్ తెరిచి డైరెక్టర్ల పేర్లన్నీ రాసుకుని అందరికీ నోటీసు పంపుతాడు. బావ DIR-12 వేయలేదు కాబట్టి బావమరిది పేరూ అందులో ఉంటుంది. నిజానికి చెక్ బౌన్స్ కేసులో డైరెక్టర్‌ని బాధ్యుణ్ణి చేయాలంటే నేరం జరిగిన సమయానికి అతను కంపెనీ వ్యవహారాలు చూస్తూ ఉండాలి. జులై 25నే దిగిపోయిన మనిషికి అది వర్తించదు. సుప్రీంకోర్టు 2011లో ఇలాంటి కేసే కొట్టేసింది: ఆ డైరెక్టర్ 2004 మార్చి 2న రాజీనామా చేశాడు, మార్చి 4న అప్పటి ఫారం 32 రిజిస్ట్రార్‌కి వెళ్లింది, చెక్కులు ఇచ్చింది ఏప్రిల్ 30న. తేదీలు గమనించండి, రాజీనామా మార్చిలో, చెక్కులు ఏప్రిల్లో, ఆయన బయటపడింది 2011లో. ఫారం రెండు రోజుల్లో వేసిన మనిషికే అన్నాళ్లు పట్టింది.

తేదీకి ముందు జరిగినవి మాత్రం వెంటే వస్తాయి. తన హయాంలో జరిగిన నేరాలకి రాజీనామా తర్వాతా డైరెక్టర్ బాధ్యుడేనని 168వ సెక్షన్‌లోనే ఉంది. ప్రైవేట్ కంపెనీ నుంచి పన్ను వసూలు కాకపోతే, ఆ బకాయి పుట్టిన కాలంలో డైరెక్టర్‌గా ఉన్నవాళ్ల నుంచి ఆదాయపు పన్ను శాఖ, జీఎస్టీ శాఖ రాబట్టొచ్చు. తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకునే భారం ఆ డైరెక్టర్ మీదే. మార్చి 31 అని రాసుకోగానే ఏప్రిల్ నుంచి జులై దాకా తనది కాదనుకున్న బావమరిదికి ఆ నాలుగు నెలలు ఇందుకే బరువు.

అసలు ఏ తేదీకీ లొంగనిది బ్యాంకు పర్సనల్ గ్యారంటీ. అది మీకూ బ్యాంకుకీ మధ్య ఒప్పందం, డైరెక్టర్ పదవితో ముడిపెట్టి లేదు. కంపెనీ ఓవర్‌డ్రాఫ్ట్‌కి బావమరిది గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేసేదాకా అది బతికే ఉంటుంది.

DIR-12 పడింది కదా అని బ్యాంకుకీ జీఎస్టీ ఆఫీసుకీ ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో డైరెక్టర్ మార్పుని కంపెనీ 15 రోజుల్లో విడిగా చెప్పుకోవాలి, ఎగుమతి కంపెనీ కాబట్టి ఎగుమతి దిగుమతులకి ఇచ్చే కోడ్ ఐఈసీలోనూ మార్చుకోవాలి. బ్యాంకులో చెక్కుల మీద సంతకం చేసే అధికారం తీసేయమని బావమరిది సొంతంగానే ఒక లెటర్ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అన్నిటికంటే ముందు, బావ ఊళ్లో లేనప్పుడు అవసరపడతాయని ఎప్పుడో సంతకాలు పెట్టి ఆఫీసు బీరువాలో వదిలేసిన ఖాళీ చెక్కులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటి నంబర్లు రాసుకుని, రద్దు చేసి రావాలి. దిగిపోయాక ఆ సంతకంతో చెక్కు బయటికొస్తే, అప్పుడు తేదీ ఒక్కటే చూపించి తప్పుకోవడం అంత తేలిక కాదు.

వారం పది రోజులాగి పోర్టల్లో కంపెనీ మాస్టర్ డేటా మళ్లీ తెరిచి, సంతకందారుల జాబితాలో తన పేరు పోయిందా అని చూడాలి. DIR-12 చలానా కాపీ బావ దగ్గర అడిగి తీసుకుని, అందులో పదవి ముగిసిన తేదీ దగ్గర 25/07/2025 అనే ఉందా, ఫారం వేసిన రోజు తేదీ పొరపాటున ఎక్కిందా అన్నదీ అప్పుడే చూసుకోవాలి.